కనురెప్ప మీద పసుపు మచ్చ: ముందు రక్తపరీక్ష, తర్వాతే లేజర్

సమస్య: ఫొటోలో కనిపించింది, అద్దంలో కనిపించలేదు

ఎవరో తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తుంటే, ముక్కు వైపు కంటి మూలకు దగ్గరగా, పైరెప్ప మీద లేత పసుపు మచ్చ ఒకటి కంటబడుతుంది. నొప్పి లేదు, దురద లేదు. రోజూ చూసుకునే ముఖమే అయినా ఇన్నాళ్లూ పట్టలేదు. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ పైరెప్ప మచ్చ మడతలో దాక్కుంటుంది. కిందికి చూస్తున్నప్పుడో, నవ్వుతూ కళ్లు చిట్లించినప్పుడో తీసిన ఫొటోలో బయటపడుతుంది. కళ్లు మూసుకుని అద్దంలో చూసుకోలేం కదా.

ముందుగా తేల్చుకోవాల్సింది: అది నిజంగా మచ్చేనా?

పసుపు బల్బు వెలుగు, ఫ్లాష్, ముఖాన్ని నునుపు చేసే ఫిల్టర్, మడతలో పేరుకున్న మేకప్... ఇవన్నీ మోసం చేస్తాయి. ముఖం కడుక్కుని, పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి, కళ్లు మూసి ఉండగా వేరొకరితో ఫొటో తీయించండి. ఫిల్టర్ వద్దు, ఫ్లాష్ వద్దు. అప్పుడూ మచ్చ అదే చోట, అదే అంచుతో కనిపిస్తే అది వెలుగు చేసిన మాయ కాదు. పాత ఫొటోలు వెతికి చూస్తే అది ఎప్పుడు మొదలైంది, ఎంత పెరిగింది అన్నదీ తెలుస్తుంది. డాక్టరుకు ఈ సంగతి బాగా పనికొస్తుంది.

ఇక వేలితో మెల్లగా తాకి చూడండి. మెత్తగా, దాదాపు చదునుగా, చర్మంలోనే కలిసిపోయినట్టు ఉంటే దాన్ని జాంథెలాస్మా అని అనుమానించవచ్చు. తరచుగా రెండు కళ్లకూ జంటగా వస్తుంది. ఆవగింజ కన్నా చిన్నగా, గట్టిగా, తెల్లటి పూసలా ఉంటే అది మీలియా. రెప్ప లోపల గోళీలా తగిలే గడ్డ అయితే అది నూనె గ్రంథి మూసుకుపోవడం వల్ల వచ్చినది కావచ్చు. ఈ రెండింటికీ కొలెస్ట్రాల్‌తో పని లేదు. కంటి తెల్లగుడ్డే పచ్చబడితే మాత్రం అది కామెర్ల సంగతి, ఆలస్యం చేయకూడదు. మచ్చ గట్టిపడుతున్నా, పుండు పడుతున్నా, ఆ చోట రెప్ప వెంట్రుకలు రాలుతున్నా ఫొటోలతో కాలయాపన చేయకుండా చర్మ వైద్యుడికో కంటి వైద్యుడికో చూపించాలి.

కారణం: రెప్ప చర్మంలో చేరిన కొవ్వు

రక్తంలోని కొలెస్ట్రాల్ కొంత రెప్ప చర్మంలోకి ఊరుతుంది. అక్కడుండే మాక్రోఫేజ్‌లు అనే కణాలు దాన్ని మింగి, అరిగించుకోలేక, నురుగు నింపినట్టు ఉబ్బిపోతాయి. వాటిని ఫోమ్ కణాలంటారు. అవి గుంపుగా చేరిన చోటే మనకు పసుపు మచ్చ కనిపిస్తుంది. గుండె రక్తనాళాల గోడల్లో పూడిక మొదలయ్యేదీ ఇలాంటి కణాలతోనే. డాక్టర్లు ఈ మచ్చను తేలిగ్గా వదిలేయకపోవడానికి కారణం ఇదే.

కానీ మచ్చ ఉందంటే కొలెస్ట్రాల్ ఎక్కువేనని తీర్పు చెప్పడం తప్పు. ఈ మచ్చలున్న వారిలో సుమారు సగం మందికి పరీక్షలో కొలెస్ట్రాల్ మామూలుగానే వస్తుంది. మిగతా సగంలో కొందరికి అది వంశంలో వచ్చినది, కొందరికి ఇంకో జబ్బు వల్ల పెరిగినది. థైరాయిడ్ మందగించడం, అదుపులో లేని మధుమేహం, మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు, పైత్యరసం సరిగా పారని కాలేయ జబ్బు ఈ రెండో కోవలోనివి.

పరిష్కారం మొదటి మెట్టు: పరీక్షలు

రక్తంలోని కొవ్వులను కొలిచే లిపిడ్ ప్రొఫైల్, రక్తంలో చక్కెర, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, కాలేయం, కిడ్నీ పరీక్షలు, ఒక మూత్ర పరీక్ష. డాక్టరు సాధారణంగా రాసేవి ఇవే. లిపిడ్ ప్రొఫైల్‌కు చాలాసార్లు పరగడుపున ఉండనక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటితే మాత్రం పరగడుపున మళ్లీ చేయిస్తారు, ఎందుకంటే అంత ఎక్కువున్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ లెక్క నమ్మదగ్గది కాదు.

ఆ లెక్కేమిటో ఒక ఊహించిన ఉదాహరణతో చూద్దాం. 43 ఏళ్ల మహిళకు రెండు పైరెప్పల మీదా మచ్చలున్నాయి. మొత్తం కొలెస్ట్రాల్ 286, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 52, ట్రైగ్లిజరైడ్లు 180 (అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో). ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే 36. 286లోంచి 52, 36 తీసేస్తే ఎల్‌డీఎల్ 198. ఎల్‌డీఎల్ 190 లేదా అంతకు మించి ఉంటే వంశపారంపర్య కొలెస్ట్రాల్ గుర్తుకు రావాలి. ఆమెకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టేస్తే సరిపోతుందని తోస్తుంది.

అయితే అదే రిపోర్టులో టీఎస్‌హెచ్ 18 ఉంది. అంటే థైరాయిడ్ బాగా మందగించింది. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను సరిగా లాక్కోలేదు. పైగా థైరాయిడ్ సరిచేయకుండా స్టాటిన్ ఇస్తే కండరాల నొప్పుల ముప్పు పెరుగుతుంది. కాబట్టి ముందు థైరాయిడ్ హార్మోనైన థైరాక్సిన్ ఇచ్చి, టీఎస్‌హెచ్ మామూలుకు వచ్చాక లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చూస్తారు. ఈసారి మొత్తం 214, హెచ్‌డీఎల్ 54, ట్రైగ్లిజరైడ్లు 130 వచ్చాయనుకుందాం. ఎల్‌డీఎల్ 134. ఇక స్టాటిన్ కావాలా వద్దా అన్నది ఆమె రక్తపోటు, పొగ అలవాటు, కుటుంబ చరిత్ర చూసి తేల్చే ప్రశ్న. మొదటి కాగితం చూసి వేసిన అంచనా ఇక్కడ నిలవలేదు.

టీఎస్‌హెచ్ మామూలుగా ఉండి ఎల్‌డీఎల్ 198 ఉంటే కథ వేరు. అప్పుడు మడమ వెనక స్నాయువు తాడులా దళసరిగా ఉందా, 45 ఏళ్ల లోపే నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు వలయం వచ్చిందా, దగ్గరి రక్తసంబంధీకుల్లో మగవారికి 55 లోపు, ఆడవారికి 65 లోపు గుండెపోటు వచ్చిందా అని చూస్తారు. వంశపారంపర్యమని తేలితే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. పిల్లలకూ, తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి.

రిపోర్టు మామూలుగా వస్తే?

చాలామంది ఇక్కడ ఫైలు మూసేస్తారు. నేనైతే మూయను. కోపెన్‌హాగన్‌లో 12 వేలకు పైగా మందిని 1970ల చివరి నుంచి దశాబ్దాల పాటు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మచ్చలున్నవారికి గుండెపోటు ముప్పు కొంత ఎక్కువగా కనిపించింది. కొలెస్ట్రాల్ తదితరాలను లెక్కలోంచి తీసేసినా ఆ తేడా పోలేదు. నల్లగుడ్డు చుట్టూ వలయానికి మాత్రం అలాంటి సంబంధం కనపడలేదు. దీనర్థం మచ్చ ఉన్న ప్రతివారికీ మందు వేయాలని కాదు. రక్తపోటు, చక్కెర, పొగ, కుటుంబ చరిత్ర కలిపి మొత్తం ముప్పును ఒకసారి లెక్కవేయించుకోవాలి.

మచ్చ పోవాలంటే

కొలెస్ట్రాల్ తగ్గినంత మాత్రాన మచ్చ కరిగిపోతుందని ఆశ పెట్టుకోకండి. మందులతో కొన్ని పలచబడతాయి, చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. తీయించుకోవడం పూర్తిగా అందం కోసమే. చిన్నవాటికి ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పూత, లేజర్, పెద్దవాటికి శస్త్రచికిత్స ఉన్నాయి. ఆమ్లం, లేజర్ ఛాయ తక్కువ చర్మం మీద తెల్ల మచ్చనో నల్ల మచ్చనో మిగల్చవచ్చు. చర్మం ఎక్కువ కోస్తే రెప్ప బయటికి తిరిగిపోవచ్చు. ఎలా తీసినా మళ్లీ రావడం మామూలే. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండగానే తీయిస్తే తిరిగి వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలుచన, కింద కన్ను ఉంది. ఇంటి చిట్కాలంటూ ఘాటైన పసర్లు పూస్తే మచ్చ పోకపోగా కాలిన పుండు మిగులుతుంది.

తీయించుకున్నాక ఆరు నెలలకోసారి, మొదట తీసినట్టే పగటి వెలుతురులో కళ్లు మూసి ఒక ఫొటో తీయించుకుని పక్కన పెట్టుకోండి. అంచున పసుపు మళ్లీ కనిపిస్తే చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లేముందే లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి.