నవజాత శిశువులో సెప్సిస్ అనుమానం: జెంటామైసిన్ స్థాయి లెక్కకు అందనప్పుడు ఏం చూడాలి

నవజాత శిశువుకు సెప్సిస్ ఉందేమో అన్న అనుమానం రాగానే మనం మొదలుపెట్టే జంట ఆంపిసిల్లిన్, జెంటామైసిన్. వీటిలో ఆంపిసిల్లిన్‌కు విషప్రభావం లేని పరిధి విశాలం కాబట్టి రక్తంలో దాని స్థాయిని కొలవవలసిన పని సాధారణంగా ఉండదు. జెంటామైసిన్ అలా కాదు. తదుపరి మోతాదుకు ముందు రక్తంలో మిగిలే స్థాయి, అంటే ట్రఫ్, ఎక్కువగా ఉండిపోతే మూత్రపిండాలకూ వినికిడికీ ముప్పు. మోతాదు ఎక్కిన తరువాత చేరే గరిష్ఠ స్థాయి, అంటే పీక్, తగినంత లేకపోతే బ్యాక్టీరియా చావదు. డ్యూటీ డాక్టర్లకూ స్టాఫ్ నర్సులకూ ఆ రెండు అంకెలు అనుకున్నట్టు రానప్పుడు ఏ క్రమంలో వెతకాలో చెప్పడం కోసం ఇది రాస్తున్నాను. తుది నిర్ణయం చికిత్స చేస్తున్న వైద్యునిదీ, ఆ విభాగంలో అమలులో ఉన్న ప్రోటోకాల్‌దీ.

ముందుగా మోతాదు సరిగా రాశామా

బరువు ఎన్ని మిల్లీగ్రాములో చెబుతుంది, వయసు ఎన్ని గంటలకొకసారో చెబుతుంది. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చినవే. 1.8 కిలోల బిడ్డలు ఇద్దరు పక్కపక్క వార్మర్లలో ఉండవచ్చు, అందులో ఒకరు 33 వారాలకు పుట్టినవారు, మరొకరు 38 వారాలు నిండినా కడుపులో సరిగా ఎదగనివారు కావచ్చు. తూకం ఒకటే అయినా మొదటి బిడ్డ మూత్రపిండాలు ఇంకా పరిపక్వం కాలేదు కాబట్టి మందు బయటకు పోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. అందుకే తూకం మాత్రమే చూసి వ్యవధి నిర్ణయించకూడదు.

విస్తృతంగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం, గర్భస్థ వయసుకు పుట్టిన తరువాతి వయసు కలిపి 35 వారాలు, అంతకు పైబడిన బిడ్డకు జెంటామైసిన్ కిలోకు 4 మి.గ్రా. చొప్పున 24 గంటలకొకసారి ఇస్తారు. 30 నుంచి 34 వారాల బిడ్డకు మొదటి వారంలో కిలోకు 4.5 మి.గ్రా. 36 గంటలకొకసారి, ఎనిమిదో రోజు నుంచి 4 మి.గ్రా. 24 గంటలకొకసారి. 29 వారాలు, అంతకు లోపు బిడ్డకు మొదటి వారంలో కిలోకు 5 మి.గ్రా. 48 గంటలకొకసారి, ఆ తరువాత 28 రోజుల వరకు 4 మి.గ్రా. 36 గంటలకొకసారి. పుట్టిన వెంటనే ఏడవక ఊపిరాడని స్థితిని ఎదుర్కొన్న బిడ్డకు వారాలు ఎక్కువే ఉన్నా పొడవైన వ్యవధే సురక్షితం. ఆంపిసిల్లిన్ విషయానికొస్తే, 34 వారాలు, అంతకు లోపు బిడ్డకు మొదటి వారంలో కిలోకు 50 మి.గ్రా. 12 గంటలకొకసారి ఇస్తారు. మెనింజైటిస్ అనుమానం ఉంటే మొదటి వారంలో కిలోకు 100 మి.గ్రా. 8 గంటలకొకసారి అవసరమవుతుంది. బిడ్డ మొదటి రోజుల్లో బరువు తగ్గుతుంది కనుక, పుట్టినప్పటి బరువును తిరిగి చేరేవరకు ఆ జనన బరువుతోనే లెక్క కట్టాలి.

స్థాయి పరీక్ష అందరికీ అక్కరలేదు. 36 నుంచి 48 గంటల్లో రక్త కల్చర్‌లో ఏమీ పెరగక, బిడ్డ బాగుంటే మందులే ఆపేస్తాం. అంతకు మించి కొనసాగించబోతున్నప్పుడూ, మూత్రం తగ్గినప్పుడూ, ఊపిరాడని స్థితి ఎదురైన బిడ్డ విషయంలోనూ తప్పక చూడాలి.

సమస్య: ట్రఫ్ ఎక్కువగా వచ్చింది

ట్రఫ్ మి.లీ.కు 1 మైక్రోగ్రాము లోపు ఉండడం మన లక్ష్యం; 2 దాటితే ఏ పరిస్థితిలోనూ వదిలేయకూడదు. అంకె ఎక్కువగా కనిపించగానే డ్రగ్ చార్ట్ తిరగరాయకండి. ముందు రెండు సమయాలు తెలుసుకోండి: మందు నిజంగా ఎప్పుడు ఎక్కింది, రక్తం నిజంగా ఎప్పుడు తీశారు. "సార్, ఆరింటికి రాసి ఉంది కానీ లైన్ పోయిందండి, మళ్లీ పెట్టి ఎక్కించేసరికి ఎనిమిదైంది" అని ఒక సిస్టర్ నిజాయితీగా చెప్పినందువల్ల ఒకసారి అనవసరమైన మార్పు తప్పింది. రెండో ప్రశ్న, రక్తం మందు ఎక్కించిన లైన్ నుంచే తీశారా అన్నది. ట్యూబింగ్‌లో అంటుకుని ఉన్న మందు నమూనాలో కలిస్తే స్థాయి అబద్ధంగా పెరుగుతుంది కాబట్టి, వేరే చేతి నుంచో, మడమ నుంచో మళ్లీ తీసి పంపాలి.

ఈ రెండూ సరిగా ఉన్నాయని తేలాక కారణం బిడ్డ మూత్రపిండాలే. మొదటి రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ చాలావరకు తల్లిదే కనుక దాన్ని నమ్ముకోకుండా గంటకు మూత్రం ఎంత వస్తోందో చూడండి.

గుంటూరులో మా విభాగంలో చూసిన ఒక బిడ్డ కథ దీన్ని స్పష్టం చేస్తుంది. 33 వారాలకు పుట్టిన ఆ బిడ్డ జనన బరువు 1.8 కిలోలు. తల్లికి ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటింది, జ్వరం కూడా ఉంది. బిడ్డ పుట్టగానే మాస్కుతో ఊపిరి అందించవలసి వచ్చింది, ఆ తరువాత మూలుగుతూ పాలు తాగడం మానేసింది. రాత్రి డ్యూటీలో ఆంపిసిల్లిన్ 90 మి.గ్రా. సరిగానే రాశారు. జెంటామైసిన్ మాత్రం నెలలు నిండిన బిడ్డకు రాసినట్టు కిలోకు 4 మి.గ్రా., అంటే 7.2 మి.గ్రా., 24 గంటలకొకసారి అని రాశారు. ఉదయం 6 గంటలకు సిరంజి పంపు మొదలై 6:30కి పూర్తయింది. 7 గంటలకు తీసిన పీక్ 7.6. మరునాడు ఉదయం 5 గంటలకు తీసినది 1.9. మూత్రం గంటకు కిలోకు 0.8 మి.లీ. మాత్రమే వస్తున్నందున రెండో మోతాదును ఫలితం వచ్చేవరకు ఆపాం. మూత్రపిండాలు బాగున్న బిడ్డలో మాత్రం ఫలితం ఆలస్యమైందని మోతాదు ఆపకూడదు.

ఇప్పుడు ఆ రెండు అంకెలను చూడండి. 7.6లో సగం 3.8, అందులో సగం 1.9. అంటే 22 గంటల్లో స్థాయి రెండుసార్లు సగమైంది కనుక అర్ధాయువు 11 గంటలు. ఇంకో 11 గంటలకు, అంటే సాయంత్రం 4 గంటలకు, స్థాయి 0.95కు దిగుతుంది. మొదటి మోతాదు నుంచి 36 గంటలు సాయంత్రం 6కు నిండుతాయి, అప్పటికి స్థాయి దాదాపు 0.8. కాబట్టి రెండో మోతాదు సాయంత్రం 6కు ఇచ్చి, వ్యవధిని 36 గంటలు చేశాం.

మోతాదును సగానికి తగ్గిద్దామన్న సూచన కూడా ఆ రోజు వచ్చింది. అది తప్పు. 3.6 మి.గ్రా. ఇస్తే పీక్ 4 దగ్గర ఆగిపోతుంది. మనకు కావలసింది 5 నుంచి 12 మధ్య. జెంటామైసిన్ పీక్ ఎంత ఎత్తుకు చేరితే అంత బాగా చంపే మందు కనుక, ట్రఫ్ ఎక్కువైతే వ్యవధి పెంచాలి, పీక్ తక్కువైతే మోతాదు పెంచాలి. మా బిడ్డకు పీక్ బాగానే ఉంది కాబట్టి 7.2 మి.గ్రా.ను కదపలేదు. మూడో మోతాదుకు అరగంట ముందు తీసిన ట్రఫ్ 0.9 వచ్చింది.

సమస్య: స్థాయి నమ్మలేనంత తక్కువగా వచ్చింది

మన వైపు ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు, దీనికి కారణం చాలాసార్లు దారిలోనే ఉంటుంది. చిన్న ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉండదు. మధ్యాహ్నం తీసిన నమూనా డబ్బాలో పెట్టి గుంటూరు నుంచి విజయవాడకు పంపితే, ముప్పై అయిదు కిలోమీటర్ల దూరమే అయినా బండి దొరికి, ల్యాబులో యంత్రం మీదకు ఎక్కేసరికి సాయంత్రం అవుతుంది. ఆ ట్యూబులో జెంటామైసిన్‌తో పాటు ఆంపిసిల్లిన్ కూడా ఉంటుంది. ఆ రెండూ కలిసి ఉన్నప్పుడు ఆంపిసిల్లిన్ జెంటామైసిన్‌ను నిర్వీర్యం చేస్తుంది, సమయమూ వేడీ పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. ఏప్రిల్ ఎండలో వెళ్లిన నమూనాలో తక్కువ అంకె కనిపిస్తే బిడ్డలో స్థాయి తక్కువని చెప్పలేము. దాన్ని నమ్మి మోతాదు పెంచితే ప్రమాదం మనమే తెచ్చుకున్నట్టు.

పరిష్కారం సులువే. తదుపరి ఆంపిసిల్లిన్‌కు ముందు, దాని స్థాయి అడుగున ఉన్నప్పుడు రక్తం తీయండి, సీరం వెంటనే వేరు చేయించండి, మంచుతో పంపండి. ఆ రోజే పరీక్ష జరగదంటే ఆ సీరంను ఫ్రీజరులో ఉంచమనండి. ఇదే కారణంగా రెండు మందులను ఒకే సిరంజిలో కలపకూడదు, ఒకదాని తరువాత ఒకటి ఇచ్చేటప్పుడు మధ్యలో లైన్‌ను సెలైన్‌తో కడగాలి.

దారి సరిగా ఉండి, పీక్ మాత్రమే తక్కువగా ఉంటే ట్యూబింగ్‌ను చూడండి. మి.లీ.కు 40 మి.గ్రా. ఉన్న వయల్ నుంచి 7.2 మి.గ్రా. అంటే 0.18 మి.లీ. అంత చిన్న చుక్క పొడుగాటి ఎక్స్‌టెన్షన్ గొట్టంలోనే నిలిచిపోతుంది. వెనుక సెలైన్ నెమ్మదిగా తోస్తే మందు గంటల తరువాత బిడ్డను చేరుతుంది. పలచన చేసి ఇవ్వండి, గొట్టంలో పట్టే పరిమాణం కన్నా ఎక్కువ సెలైన్‌తో పంపు వేగంలోనే తోయండి.

సమస్య: స్థాయి ఊహించని ఎత్తున ఉంది

పీక్ 25 పైన వస్తే మొదట వయల్ చేతిలోకి తీసుకోండి. మన దగ్గర మి.లీ.కు 10 మి.గ్రా. వయలూ, 40 మి.గ్రా. వయలూ రెండూ ఒకే ట్రేలో ఉంటాయి. 10 మి.గ్రా. వయల్‌కు లెక్క కట్టిన 0.72 మి.లీ.ని 40 మి.గ్రా. వయల్ నుంచి తీస్తే బిడ్డకు 28.8 మి.గ్రా. చేరుతుంది. అలా జరిగితే తదుపరి మోతాదు ఆపి, స్థాయి 1 లోపుకు దిగేవరకు 24 గంటలకొకసారి కొలుస్తూ, మూత్రం గమనిస్తూ ఉండాలి. వినికిడి పరీక్షను కేస్ షీటులో ముందే రాసి పెట్టాలి. నేను నా ఆర్డరులో మిల్లీగ్రాముల పక్కన వయల్ బలాన్నీ మి.లీ.నీ కలిపి రాస్తాను, రెండో సిస్టర్ వయల్ చూసి సంతకం పెట్టాకే ఎక్కిస్తారు.

సమస్య: స్థాయిలు బాగున్నా బిడ్డ బాగుపడలేదు

ఇది మోతాదు సమస్య కాదు, దాన్ని పెంచితే తీరదు. వెన్నునీరు ఇంకా తీయలేదంటే తీయండి, ఎందుకంటే మనం ఇస్తున్న ఆంపిసిల్లిన్ మెనింజైటిస్‌కు రోజు మొత్తంలో కావలసినదానిలో మూడో వంతే అయి ఉండవచ్చు, జెంటామైసిన్ మెదడు పొరల్లోకి అంతంతమాత్రంగానే వెళుతుంది. కల్చర్‌లో క్లెబ్సియెల్లా పెరిగితే ఆంపిసిల్లిన్ దానిపై సహజంగానే పనిచేయదు. జెంటామైసిన్‌కు కూడా నిరోధకత ఉందని సెన్సిటివిటీ చెబితే మందే మార్చాలి.

మా 33 వారాల బిడ్డ కల్చర్‌లో జెంటామైసిన్‌కు లొంగే ఈ. కోలి పెరిగింది, వెన్నునీరు శుభ్రంగా ఉంది, అందువల్ల పది రోజుల కోర్సు నిర్ణయించాం. ఎనిమిదో రోజున మూత్రం గంటకు కిలోకు 2 మి.లీ. దాటింది కాబట్టి వ్యవధిని 24 గంటలకు మార్చి, ఆ తరువాతి మోతాదుకు ముందు ట్రఫ్ మళ్లీ చూశాం. అది 0.7 వచ్చింది.