కంప్రెషన్ స్ప్రింగ్ మోడల్: పొడవు తగ్గుతోందా, చివరి చుట్టు దగ్గర స్వీప్ ఫెయిలవుతోందా?

బెంగళూరులో పీణ్య వైపు స్ప్రింగులు చుట్టించే మనవాళ్ళు పంపే మోడల్స్‌లో ఎక్కువగా కనబడే తేడాలు ఇవే, సాలిడ్‌వర్క్స్ లెక్కలో చెప్తున్నా.

సమస్య: ఫార్ములా పిచ్చే వేశా, అయినా పొడవు తక్కువొస్తోంది

వైర్ 2 మి.మీ., మీన్ డయా 16, ఫ్రీ లెంగ్త్ 40, మొత్తం 8 చుట్లు, రెండు చివర్లూ క్లోజ్ చేసి గ్రైండ్ చేసినవి అనుకుందాం, అంటే పనిచేసే చుట్లు 6.

```
p = (L0 - 2d) / Na = (40 - 4) / 6 = 6
```

Variable pitch పెట్టి చివర్లలో 2.05, మధ్యలో 6 ఇస్తే ఎత్తు 36.15 దగ్గరే ఆగిపోతుంది.

కారణం ఏంటంటే, చివరి చుట్టు అయిపోగానే పిచ్ ఒక్కసారిగా 6 అయిపోతుందని ఫార్ములా లెక్క, కానీ టేబుల్‌లో ఒక వరస నుంచి ఇంకో వరసకి అది మెల్లగా పెరుగుతుంది. ఆ మారే చుట్టులో సగటు పిచ్ 4.025 మాత్రమే, అలాంటివి రెండున్నాయి కాబట్టి దాదాపు 4 మి.మీ. అక్కడే పోయింది.

కాబట్టి మధ్య పిచ్ మళ్ళీ కట్టాలి. చివరి చుట్లు రెండూ కలిపి 4.1, మారే చుట్లు రెండూ కలిపి 2.05 + p, మధ్యలో 4p, మొత్తం 6.15 + 5p = 40, అంటే p = 6.77.

```
P      Rev
2.05   0
2.05   1
6.77   2
6.77   6
2.05   7
2.05   8
```

ఆఖరి వరసలో H 40 చూపిస్తే సరిపోయినట్టే. మారే చుట్టుని 0.01కి కుదించి పాత 6తోనే లాగించేద్దాం అనుకోకండి, వైర్ అక్కడ మడత పడినట్టు వస్తుంది, నిజం స్ప్రింగ్ అలా ఉండదు.

సమస్య: చివరి చుట్టు దగ్గర స్వీప్ ఫెయిల్

చివరి పిచ్ సరిగ్గా 2 ఇచ్చారేమో చూడండి. హెలిక్స్ అక్కడ 2.3 డిగ్రీలు వాలి ఉంటుంది, అందుకే పైకి 2 ఉన్నా వైర్‌కి అడ్డంగా కొలిస్తే దూరం 1.998, అంటే చుట్లు వెంట్రుకవాసి ఒకదాన్లో ఒకటి దూరిపోతున్నాయి. అనుమానముంటే ఒక్కసారి 2.5 ఇచ్చి చూడండి, స్వీప్ వచ్చేస్తే కారణం ఇదే, తర్వాత 2.05కి దించుకోండి. స్వీప్‌లో Circular Profile వాడితే వైర్ సెక్షన్ కూడా అంతటా గుండ్రంగానే ఉంటుంది.

సమస్య: గ్రైండ్ చేసిన ముఖం సగం చుట్టే వస్తోంది

పైన 40 అనేది హెలిక్స్ మొదలు, చివర పాయింట్ల గుండా యాక్సిస్‌కి అడ్డంగా కట్ చేస్తే వచ్చే పొడవు. అలా కోస్తే ఫ్లాట్ దాదాపు సగం చుట్టే వస్తుంది. డ్రాయింగ్‌లో 270 డిగ్రీలు అడిగితే రెండు వైపులా ఇంకో 0.54 మి.మీ. లోపలికి కట్ చేయాలి, వైర్ కొన దాదాపు పావు మందం మిగులుతుంది. అప్పుడు హెలిక్స్ ఎత్తు 41.08 కావాలి కాబట్టి మధ్య పిచ్ 6.77 బదులు 6.986 అవుతుంది.