కొత్త మానిటర్ మూలల్లో వెలుతురు: బ్లీడా, గ్లోనా, విన్యెటింగా? ఎలా తేల్చుకోవాలి?

కొత్త మానిటర్ కొన్న రాత్రే చాలామంది చేసే పని ఒకటుంది. గదిలో లైట్లు ఆర్పేసి, బ్రైట్‌నెస్ వందకు పెట్టి, నల్ల తెరను ఫోన్‌తో ఫొటో తీస్తారు. ఫొటోలో నాలుగు మూలలూ వెలిగిపోతుంటే కంగారుపడి, తెల్లారేసరికి పెట్టె సర్దేసి షాపుకి పట్టుకెళ్తారు. అక్కడ ఇంకొకటి ఇస్తే అదీ అంతే. నిజంగా లోపం ఉన్న మానిటర్‌ని మాత్రం "ఐపీఎస్ రకం ప్యానెల్ అంటే ఇంతేనండీ" అని ఎవరో చెబితే నమ్మి ఇంట్లోనే ఉంచేసుకుంటారు. రాజమండ్రిలో కొన్నా, హైదరాబాద్ నుంచి బస్సు కార్గోలో అమలాపురానికి తెప్పించుకున్నా, మార్చుకునే గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ గడువులోగా మూడింటిలో మీకున్నది ఏదో తేలాలి.

మూడింటి సంగతీ ముందు చెప్పేస్తాను. బ్యాక్‌లైట్ బ్లీడ్ అంటే ప్యానెల్‌కీ దాని చుట్టూ ఉన్న ఫ్రేముకీ మధ్య బిగింపు సమంగా లేక, తలుపు సందులోంచి పడ్డట్టు వెనకాల లైటు అంచుల దగ్గర బయటికి కారడం. ఇది తయారీలోనో రవాణాలోనో వచ్చిన లోపం. ఐపీఎస్ గ్లో లోపం కాదు, ఆ రకం ప్యానెల్ స్వభావం. ప్యానెల్‌లో వెలుతురును ఒక్క దిశలోనే పోనిచ్చే పోలరైజర్ పొరలు రెండుంటాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. నేరుగా చూసినప్పుడు అవి వెలుతురును బాగా ఆపుతాయి. ఏటవాలుగా చూస్తే ఆ లంబకోణం చెడినట్టవుతుంది, కొంత వెలుతురు జారిపోతుంది. ఐమూలగా చూసినప్పుడు ఇది మరీ ఎక్కువ. గ్లో ఎప్పుడూ మూలల్లోనే కనపడేది అందుకే. విన్యెటింగ్ ఈ రెండింటికీ తిరగేసిన వ్యవహారం. మధ్యలో కంటే అంచుల్లో వెలుతురు తగ్గి, తెల్ల తెర మీద చుట్టూ మసక కనపడుతుంది. నల్ల తెర మీద దాన్ని వెతకడం దండగ.

సిద్ధం చేసుకోవడం

పెద్ద సామగ్రి ఏమీ అక్కర్లేదు. మానిటర్ ఆన్ చేసి అరగంట వాడుకోండి, ప్యానెల్ వేడెక్కనివ్వండి. బ్రౌజర్ అడ్రస్ బార్‌లో ఇది టైప్ చేసి ఎంటర్ కొట్టి, F11 నొక్కండి.

```
data:text/html,<body style="background:black;cursor:none">
```

తెర మొత్తం నల్లగా అవుతుంది, మౌస్ బాణం కూడా కనపడదు. తర్వాతి పరీక్షకి `black` బదులు `gray` అనీ `white` అనీ పెట్టుకోవాలి. దీనికోసం ఎక్కడినుంచో టెస్ట్ సాఫ్ట్‌వేర్లు దించుకోనక్కర్లేదు.

పరీక్ష రాత్రిపూటే చేయండి. కోనసీమ ఇళ్లలో పగలు ఎన్ని తలుపులు వేసినా పైకప్పు సందుల్లోంచో వెంటిలేటర్లోంచో వెలుతురు వస్తూనే ఉంటుంది. అలాగని కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద, కన్ను పొడుచుకున్నా కనపడని చీకట్లో చూసి తీర్పు చెప్పకండి. అంత చీకట్లో మంచి మానిటర్ కూడా పాడైనదానిలా కనపడుతుంది. పక్క గదిలో లైటు వెలుగుతూ, ఆ వెలుతురు కొద్దిగా ఇటు పడుతుంటే చాలు.

బ్రైట్‌నెస్ మీరు రోజూ వాడుకునే స్థాయిలోనే ఉండాలి. తెర వెలుతురును నిట్స్‌లో కొలుస్తారు. గదిలో లైటు వేసుకుని చదువుకునే మనిషికి 120 నిట్స్ సరిపోతుంది. చాలా మానిటర్లలో అది మెనూలో 30కీ 40కీ మధ్య వస్తుంది. పెట్టెలోంచి తీసినప్పుడు ఉండే బ్రైట్‌నెస్ మాత్రం దానికి రెండింతలు ఉండటం మామూలే. దాన్ని దించకుండా పరీక్ష మొదలుపెట్టొద్దు.

అసలు మెట్టు: తల కదిలించి చూడటం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, నిదానంగా చదవండి.

నల్ల తెర పెట్టి, మామూలుగా కూర్చునే చోటే కూర్చోండి. ఎక్కువ వెలుతురు కనపడుతున్న మూల ఒక్కటి ఎంచుకోండి. ఇప్పుడు కుర్చీలోంచి కదిలి, మీ ముఖాన్ని సరిగ్గా ఆ మూలకి ఎదురుగా తీసుకురండి. ఎదురుగా అంటే ఆ మూల నుంచి తెరకి నిటారుగా గీత గీస్తే అది మీ కళ్ల మధ్యకి రావాలి. కింది మూల అయితే వంగాలి, పై మూల అయితే లేచి నిలబడాలి. దూరం మాత్రం ఇందాకటిదే ఉండాలి. దగ్గరికి జరిగితే మూల పెద్దదిగా కనపడి కళ్లు మోసపోతాయి.

ఆ మూలలో వెలుతురు మాయమై, ఇందాక నల్లగా ఉన్న ఎదుటి మూల ఇప్పుడు తెల్లబడితే అది గ్లో. మీరు కదిలితే అదీ కదులుతుంది. ఎదురుగా చూసినా వెలుతురు అదే చోట, అదే ఆకారంలో అంచుకి అంటుకుని ఉంటే అది బ్లీడ్. బ్లీడ్‌కి ఆకారం ఉంటుంది. ఫ్రేము అంచు నుంచి మొదలై లోపలికి విసిరినట్టు, చీలికలుగానో మచ్చలాగానో కనపడుతుంది. గ్లోకి అలాంటి గీత ఏదీ ఉండదు, పలచగా పరుచుకుని ఉంటుంది. రంగును పట్టి తేల్చాలని చూడకండి. రెండూ పసుపుగానూ ఉండొచ్చు, నీలంగానూ ఉండొచ్చు.

చిక్కేమిటంటే చాలా మానిటర్లలో రెండూ కలిసే ఉంటాయి. కుర్చీలోంచి చూసినంతసేపూ బ్లీడ్ మీద గ్లో పరుచుకుని ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తుంది. అందుకే ఎదురుగా చూసినప్పుడు మిగిలినదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. పోయినదంతా గ్లో, మిగిలినదంతా బ్లీడ్.

సరిచూసుకోవడానికి ఇంకో పని చేయండి. తెర మధ్యకి ఎదురుగా రెండు మీటర్లు వెనక్కి వెళ్లి చూడండి. అక్కడినుంచి అన్ని మూలలూ దాదాపు నేరుగా కనపడతాయి కాబట్టి గ్లో చాలావరకు పోతుంది. బ్లీడ్ చిన్నదిగా కనపడుతుంది గానీ పోదు. రెండు పరీక్షల్లోనూ మిగిలిన మచ్చ ఒకటే అయితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఫోన్ ఫొటోని సాక్ష్యంగా తీసుకోకండి. ఎదురుగా ఉన్నది చీకటి అనుకుని కెమెరా ఎక్స్‌పోజర్ దానంతటదే పెంచేస్తుంది. కంటికి ఆనని వెలుతురు ఫొటోలో లైటు వేసినట్టు కనపడుతుంది. అమ్మినవాళ్లకి పంపడానికి ఫొటో తప్పదంటే, రెండు మీటర్ల దూరం నుంచి, ప్రో మోడ్‌లో ఐఎస్ఓనీ షటర్ తెరిచి ఉండే సమయాన్నీ చేత్తో తగ్గిస్తూ, ఫోన్ తెర మీద బొమ్మ మీ కంటికి కనపడుతున్నట్టే వచ్చేదాకా సర్దుకుని తీయండి. దగ్గరగా కూర్చుని తీసిన ఫొటోలో గ్లో కూడా పడుతుంది, అది చూసి వాళ్లు మొత్తం గ్లోయే అని కొట్టిపారేస్తారు.

ఇంకొక్క మాట. బ్లీడ్ ఉన్నచోట ఫ్రేమును వేలితో నొక్కితే మచ్చ మారుతుంది. అది చూసి గుడ్డతో రుద్దడం, స్క్రూలు వదులు చేయడం మొదలుపెడతారు. వద్దు. ఒకచోట తగ్గి ఇంకోచోట తేలుతుంది, ప్యానెల్ మీద ఒత్తిడి మచ్చ పడితే అది పోదు, వారంటీ కూడా పోతుంది.

విన్యెటింగ్ చూడటం

దీనికి నల్ల తెర తీసేసి `gray`, తర్వాత `white` పెట్టండి. వెలుతురు మెల్లగా తగ్గుతూ పోతే కన్ను పట్టుకోలేదు. అందుకని డెస్క్‌టాప్‌ని నల్లగా పెట్టుకుని, నోట్‌ప్యాడ్ లాంటి చిన్న తెల్ల కిటికీని మధ్య నుంచి మూలకి గబగబా లాగండి. అక్కడ మసకబారితే తెలిసిపోతుంది. ఇక్కడ కూడా మూలకి ఎదురుగా ముఖం పెట్టి మళ్లీ చూడాలి. ఎదురుగా చూస్తే మసక పోయిందంటే అది చూసే కోణం వల్ల వచ్చింది. వీఏ, టీఎన్ అనే వేరే రకాల ప్యానెళ్లలో ఇది ఎక్కువ. పోలేదంటే బ్యాక్‌లైటే అంచుల దాకా సమంగా అందడం లేదు.

ఒకరి మానిటర్ మీద చేసి చూపిస్తాను

భీమవరంలో ఉండే మా మేనల్లుడు 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్ తెచ్చుకుని, "మావయ్యా, కింద రెండు మూలలూ తెల్లగా కనపడతన్నాయి, తిరిగి ఇచ్చేయనా?" అని ఫోన్ చేశాడు. వాడి టేబుల్ ఇరుకు. కంటికీ తెరకీ మధ్య అర మీటరే. 27 అంగుళాల తెరలో మధ్య నుంచి మూలకి 34 సెంటీమీటర్లు ఉంటుంది. అర మీటరు దూరం నుంచి చూస్తే ఆ మూల 34 డిగ్రీల వాలులో పడుతుంది. అదే 80 సెంటీమీటర్ల దూరం నుంచైతే 23 డిగ్రీలే. టేబుల్‌ని గోడ నుంచి ముందుకి లాగి, మానిటర్‌ని వెనక అంచుకి జరిపి, కుర్చీ వెనక్కి వేసుకోమన్నాను. తెర మధ్య భాగం కళ్లకంటే కాస్త కిందికి ఉండేలా ఎత్తు సరిచేసి, తెర కిందభాగం వాడివైపు తిరిగేలా వెనక్కి కొంచెం వాల్చమన్నాను. బ్రైట్‌నెస్ 90 నుంచి 35కి దించాడు.

ఎడమ మూల చాలావరకు నల్లబడింది, అంటే అదంతా గ్లో. కుడి మూలకి ఎదురుగా వంగి చూస్తే మాత్రం ఫ్రేముని ఆనుకుని బొటనవేలంత పసుపు మచ్చ అలాగే ఉంది. రెండు మీటర్ల నుంచీ కనపడింది. గదిలో లైటు వేసి, రాత్రి సీను ఉన్న వీడియో పెట్టి చూడమన్నాను. అప్పుడూ కనపడింది. మార్చేయమన్నాను. లైటు వేసి మామూలు వీడియో చూస్తున్నప్పుడు కనపడని బ్లీడ్ కోసం మానిటర్ మార్చకూడదు, కనపడే బ్లీడ్‌ని ఉంచుకోకూడదు. నా లెక్క ఇదే.

సెట్టింగులతో ఏది తగ్గుతుంది

బ్రైట్‌నెస్ అన్నిటికంటే ముఖ్యం. ఐపీఎస్ ప్యానెల్ కాంట్రాస్ట్, అంటే తెలుపు వెలుతురుకీ నలుపు వెలుతురుకీ ఉండే నిష్పత్తి, మామూలుగా 1000:1 చుట్టూ ఉంటుంది. 300 నిట్స్ పెడితే నలుపు 0.3 నిట్స్ దగ్గర వెలుగుతుంది, 120కి దించితే 0.12కి వస్తుంది. గ్లో, బ్లీడ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. మెనూలో Contrast అనేదాన్ని మాత్రం కదపకండి, దానివల్ల నలుపు తగ్గదు, తెలుపు చెడుతుంది.

ఆటల కోసం ఇచ్చే Black Equalizer, Shadow Boost లాంటివి చీకటి రంగులను పైకి లేపుతాయి. వాటిని ఆపేయండి. విండోస్‌లో HDR ఆన్ చేసి వదిలేసినా, చీకటి భాగాల వెనక లైటును విడిగా తగ్గించే లోకల్ డిమ్మింగ్ లేని మానిటర్లో బ్యాక్‌లైట్ పూర్తిగా పెరిగి నలుపంతా బూడిదరంగవుతుంది. హెచ్‌డీఎంఐ మీద తెర మొత్తం ఒకే రకంగా తెల్లబారి ఉంటే అది బ్లీడూ కాదు, గ్లో కూడా కాదు, రేంజ్ తేడా. అంటే కంప్యూటర్ నలుపని పంపేదీ మానిటర్ నలుపని అనుకునేదీ కలవడం లేదు. ఎన్విడియా కార్డు అయితే కంట్రోల్ ప్యానెల్లో Output dynamic range దగ్గర Full పెట్టండి. మానిటర్ మెనూలో కూడా రేంజ్ ఎంపిక ఉంటే అదీ Full లోనే ఉండాలి.

విన్యెటింగ్‌కి కొన్ని మానిటర్లలో Uniformity పేరుతో సవరణ ఉంటుంది. మధ్యలో వెలుతురును అంచులతో సమానం చేయడానికి తగ్గిస్తుంది, దాంతో కాంట్రాస్ట్ పడిపోతుంది. చాలావాటిలో అది ఆన్ చేస్తే బ్రైట్‌నెస్ మార్చనివ్వదు. ఫొటోలు ఎడిట్ చేసేవాళ్లు, ప్రింటుకి పేజీలు కట్టేవాళ్లు వాడుకోవాలి. సినిమాలకి, ఆటలకి ఆఫ్‌లోనే ఉంచండి.

చీకట్లో చూసే అలవాటుంటే మానిటర్ వెనక గోడ మీదికి పడేలా 6500 కెల్విన్ తెల్ల లైటు పట్టీ ఒకటి అంటించండి. పసుపు బల్బు వద్దు, దాని పక్కన తెర నీలంగా కనపడుతుంది. ఆ లైటుతో ప్యానెల్ ఏమీ మారదు గానీ, చుట్టూ కొంత వెలుతురు ఉన్నందువల్ల కంటికి నలుపు నల్లగానే ఆనుతుంది. గ్లోకి ఇంతకంటే మంచి మందు నాకు కనపడలేదు. బ్లీడ్‌కి మాత్రం ఇవేవీ మందులు కావు, కాస్త కప్పుతాయంతే. అందుకే గడువు ముగిసేదాకా పెట్టె, లోపలి థర్మాకోల్ పారేయకండి.