టెస్టోస్టెరాన్ జెల్ వాడే ఇంట్లో పసివాడికి యవ్వన లక్షణాలు: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: మూడేళ్ల బాబుకు జననాంగాల దగ్గర వెంట్రుకలు మొలుస్తాయి, పురుషాంగం వయసుకు మించి పెరుగుతుంది, కోపం ఎక్కువవుతుంది. రక్తంలో టెస్టోస్టెరాన్ అధికంగా ఉన్నా, దాన్ని తయారుచేయమని వృషణాలకు చెప్పే ఎల్‌హెచ్ అనే హార్మోను చాలా తక్కువగా ఉంటుంది, వృషణాలు మాత్రం పసివయసు పరిమాణంలోనే ఉంటాయి. అంటే ఆ టెస్టోస్టెరాన్ వృషణాల్లో తయారైనది కాదు. ఇలాంటి పిల్లలకు స్కానింగుల దాకా వెళ్లాక కూడా, ఇంట్లో ఎవరైనా టెస్టోస్టెరాన్ జెల్ రాసుకుంటున్నారా అని ఎవరూ అడగకపోవడం నేను పదే పదే చూశాను.

కారణం: ఒక తండ్రి ప్రతి రాత్రీ భుజాలకు జెల్ రాసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, అది ఆరాకే పడుకునేవారు. ఆయన చెప్పినది నిజమే. కానీ ఆరిపోయేది జెల్‌లోని ఆల్కహాల్ మాత్రమే. మందులో సుమారు పదో వంతే శరీరంలోకి చేరుతుంది, మిగిలినది గంటల తరబడి చర్మం మీదే ఉంటుంది. ఆయన చేతులు లేని బనియన్ వేసుకునేవారు, బాబు ఆ భుజం మీదే తల పెట్టి నిద్రపోయేవాడు. భుజం కప్పుకున్నాక కూడా దిండు గలేబు, తువ్వాలు, విడిచిన చొక్కా మిగులుతాయి. అందరూ వదిలేసేది వీటినే.

పరిష్కారం: జెల్ ఉదయం రాసుకుని, ఆరాక భుజాలు పూర్తిగా కప్పే చొక్కా వేసుకోవాలి. బిడ్డను ఎత్తుకునే ముందు, భార్య దగ్గరకు వెళ్లే ముందు రాసిన చోటును సబ్బుతో కడగాలి. అయితే రాసుకున్న తర్వాత ఎన్ని గంటలు తడపకూడదో ఆ జెల్ కాగితంలో చూసుకోవాలి. తువ్వాలు, పక్కబట్టలు వేరుగా ఉంచాలి. ఎవరికైనా తగిలితే వెంటనే సబ్బుతో కడిగించాలి. భార్యకు మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తే కారణం ఇదే కావచ్చు. గర్భిణి ఆ చర్మాన్ని తాకనే కూడదు, ఎందుకంటే కడుపులోని ఆడశిశువు జననాంగాల ఎదుగుదల మారిపోయే ప్రమాదం ఉంది. తాకిడి ఆగాక బిడ్డలో చాలా లక్షణాలు తగ్గుతాయి, కానీ పెరిగిన అంగం, ముందుకెళ్లిన ఎముకల వయసు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. అందుకే పిల్లల హార్మోను వైద్యుల పర్యవేక్షణ తప్పదు. ఇవే లక్షణాలు తెచ్చే అడ్రినల్ గ్రంథి లోపం, కణుతులు అరుదు, వాటిని వారే తేల్చి చెబుతారు.

పసిపిల్లలు ఒడి దిగని ఇంట్లో నేను జెల్‌కు బదులు టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌నే సూచిస్తాను, ఎందుకంటే మందు చర్మం పైన ఉండదు. రెండు వారాలకొకసారి తీసుకుంటే చివరి రోజుల్లో నీరసం, చిరాకు కనిపించవచ్చు. అదే మోతాదును సగం చేసి వారానికొకసారి తీసుకోవడం గురించి వైద్యుణ్ణి అడగాలి. చర్మం కింద పెట్టే పెల్లెట్లు 3 నుంచి 6 నెలలు పనిచేస్తాయి, అంటుకునే భయమూ లేదు. కానీ ఈ మందు వల్ల ఎర్ర రక్తకణాలు మితిమీరినప్పుడు జెల్‌ను ఆ రోజే ఆపవచ్చు, పెల్లెట్లను అంత సులువుగా బయటికి తీయలేం. అందుకే మొదటిసారి చికిత్స మొదలుపెట్టేవారికి వాటిని సూచించను.