ఇంట్రడక్షన్‌లో గ్యాప్ కనిపిస్తోందా? బ్రిటన్‌కు పీహెచ్‌డీకి కొత్తగా వచ్చినవారికి

బ్రిటన్‌లో థీసిస్‌ను మామూలుగా ఇద్దరు ఎగ్జామినర్లు చదువుతారు. ఒకరు మీ యూనివర్సిటీవారు, ఇంకొకరు బయటివారు. సాధారణంగా వైవాకు ముందే ఎవరి రిపోర్టు వారు విడిగా రాసి ఇస్తారు. మీరు గదిలోకి వెళ్లేసరికే ఒక అభిప్రాయం ఏర్పడి ఉంటుంది. దానికి పునాది చాలావరకు ఇంట్రడక్షనే. అందుకే డ్రాఫ్టును సూపర్‌వైజరుకు పంపేముందు మీరే ఎగ్జామినరు కళ్లతో ఒకసారి చదవాలి.

ప్రింటు తీసి రెండు రంగుల పెన్నులు పట్టుకోండి. ఇంతవరకు తెలియనిదేమిటో చెప్పే వాక్యాలకు ఒక రంగు, ఈ థీసిస్ కొత్తగా ఇచ్చేదేమిటో చెప్పే వాక్యాలకు రెండో రంగు. మొదటి రంగు మూడో పేజీ దాకా కనిపించకపోతే నేపథ్యం పొడవైపోయినట్టే. మన దగ్గర ఎంటెక్ రిపోర్టుల్లో నిర్వచనాలు, చరిత్ర, అధ్యయన ఆవశ్యకత, లక్ష్యాలు అని వరుసగా శీర్షికలు పెట్టే అలవాటుంది. ఆవశ్యకత వేరు, గ్యాప్ వేరు. సమస్య పెద్దదని చెప్పడం ఆవశ్యకత. దాని గురించి పరిశోధకులకు ఇంకా తెలియనిదేదో చెప్పడం గ్యాప్. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీయడానికి యాక్టివేటెడ్ అల్యూమినా వాడే విషయంపై థీసిస్. డ్రాఫ్టులో ఇలా ఉంది: "ఈ పద్ధతిపై ఎన్నో అధ్యయనాలు జరిగాయి, కానీ నల్గొండ నీటిపై ఎవరూ చేయలేదు."

ఊరి పేరు కొట్టేసి చదవండి. మిగిలేది ఏమీ లేదు. ఎవరూ చేయలేదంటే చేయాల్సిన అవసరమే లేకపోవచ్చు కదా అని ఎగ్జామినరు అడిగితే జవాబు ఉండదు. చోటు మారితే ఫలితం ఎందుకు మారుతుందో చెప్పినప్పుడే అది గ్యాప్ అవుతుంది. అల్యూమినా కొద్దిగా ఆమ్లగుణం ఉన్న నీటిలో, అంటే పీహెచ్ 5.5 నుంచి 6 మధ్య, బాగా పనిచేస్తుంది. బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న క్షార నీటిలో దాని పట్టు తగ్గుతుంది. కాబట్టి వాక్యాన్ని ఇలా తిప్పి రాయాలి: "ఇంతవరకు సమీక్షించిన ప్రయోగాలు ప్రధానంగా స్వేదనజలంలో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసినవి. బైకార్బొనేట్ ఎక్కువున్న భూగర్భజలంలో, అల్యూమినాను మళ్లీ మళ్లీ శుద్ధి చేసి వాడినప్పుడు, దాని సామర్థ్యం ఎంత వేగంగా పడిపోతుందో తెలియదు." నల్గొండ నీరు అలాంటిదని చూపిస్తే ఇప్పుడు ఆ ఊరి పేరు అలంకారం కాదు, కారణం. అయితే ఆ మొదటి వాక్యం నిజమని మీ సమీక్ష అధ్యాయం చూపించాలి. ఏ డేటాబేసుల్లో, ఏ పదాలతో, ఏ సంవత్సరం వరకు వెతికారో అక్కడ రాసి ఉండాలి.

రెండో రంగు దగ్గర క్రియాపదాలు చూడండి. "అధ్యయనం చేశాం", "విశ్లేషించాం", "పరిశీలించాం" అన్నవి మీరు చేసిన పని చెబుతాయి, తేలినది చెప్పవు. పరీక్ష తేలిక: ఎవరైనా ఆ వాక్యాన్ని తప్పని వాదించగలరా? "సామర్థ్యాన్ని అధ్యయనం చేశాం" అన్నదానితో ఎవరూ గొడవపడరు. "సామర్థ్యం తగ్గడానికి అసలు కారణం ఫ్లోరైడ్ మిగిలిపోవడం కాదు, శుద్ధి చేసినప్పుడల్లా అల్యూమినా కొంత కరిగిపోవడం" అన్నదానితో వాదించవచ్చు. అదీ కాంట్రిబ్యూషన్. ఇలాంటివి రెండు మూడు చాలు. ఏడెనిమిది ఉన్నాయంటే చేసిన పనులన్నీ జాబితాలో చేరాయని అర్థం.

ఆ తర్వాత ప్రతి గ్యాప్ వాక్యం నుంచి దాని కాంట్రిబ్యూషన్‌కు, అక్కడినుంచి రుజువు ఉన్న అధ్యాయానికి గీత గీయండి. గీత అందని గ్యాప్ తీర్చని బాకీ లాంటిది, తీసేయాలి. గ్యాప్ లేని కాంట్రిబ్యూషన్ ఉంటే సమీక్షలో ఏదో తప్పిపోయింది. ముగింపు అధ్యాయం కూడా పక్కన పెట్టుకోండి. ఇంట్రడక్షన్ మొదటి ఏడాదిలో రాసి, ముగింపు నాలుగో ఏడాదిలో రాస్తే రెండూ వేర్వేరు థీసిస్‌ల గురించి మాట్లాడుతుంటాయి.

మానవీయశాస్త్రాల వాళ్లకు ఇలా గ్యాప్ వెతకడం అన్నిసార్లూ కుదరకపోవచ్చు. పరిశోధనా వ్యాసాల ఇంట్రడక్షన్‌లపై భాషావేత్త జాన్ స్వేల్స్ 1990లో ఇచ్చిన నమూనాలో, గ్యాప్ చూపడంతో పాటు పాత వాదాన్ని ఎదుర్కోవడం, కొత్త ప్రశ్న లేవనెత్తడం, ఉన్న పరంపరను ముందుకు తీసుకెళ్లడం కూడా ఉన్నాయి. మీది ఏ దారో తేల్చుకుని ఆ ఒక్కదాన్నే గట్టిగా చెప్పండి.

సబ్మిషన్‌కు నెల ముందు అవే పదాలతో మళ్లీ వెతకండి. ఈలోగా ఎవరైనా దాదాపు అదే పని ప్రచురించి ఉంటే దాచకండి, బయటి ఎగ్జామినరు అది చదివే ఉంటారు. ఆ వ్యాసాన్ని ఇంట్రడక్షన్‌లోనే పేర్కొని, మీ నీరు, మీ పద్ధతి, మీ ఫలితం ఎక్కడ వేరో రెండు వాక్యాల్లో రాసి, "ఎవరూ చేయలేదు" అన్న మాటను అక్కడినుంచి తీసేయండి.