సెలైన్ ఎక్కించినా దిగజారే సోడియం: చాటున దాగిన క్యాన్సర్‌ను పట్టుకునే దారి

సమస్య

రోగి వయసు 61, బరువు 60 కిలోలు, నలభై ఏళ్లుగా బీడీలు కాల్చే అలవాటు. పది రోజులుగా వికారం, మగత ఉన్నాయి. పొంతన లేని మాటలు మొదలయ్యాక ఇంట్లోవాళ్లు ఆస్పత్రికి తీసుకొచ్చారు. రక్తంలో సోడియం లీటరుకు 118 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంది. ఉండవలసింది 135 నుంచి 145. రాత్రి డ్యూటీ డాక్టరు ‘ఉప్పు తగ్గింది’ అని రాసి రెండు లీటర్ల నార్మల్ సెలైన్ పెట్టించారు. తెల్లవారి చూస్తే సోడియం 114కు పడిపోయింది. ఇలాంటి కేసు షీట్లు ఏటా నా ముందుకు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి మూత్ర పరీక్ష రిపోర్టు ఉండదు.

ముందుగా చూడవలసినవి

మొదట మందుల సంచి తెప్పించి ప్రతి స్ట్రిప్పూ చదవాలి. బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉంటే అందులో సోడియాన్ని తగ్గించగల హైడ్రోక్లోరోథయజైడ్ ఉందని అర్థం. క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్, మూర్ఛకు ఇచ్చే కార్బమజిపైన్, దిగులుకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ కూడా ఇదే పని చేస్తాయి. ‘బీపీ మాత్ర ఒక్కటే వాడుతున్నాడు’ అన్న మాటను స్ట్రిప్పు కళ్లతో చూడకుండా నమ్మకూడదు.

తరువాత, సెలైన్ పెట్టకముందే, రక్తంతో పాటు మూత్రాన్నీ ఒకేసారి పంపాలి. రెండింటిలోనూ ఆస్మొలాలిటీ, అంటే ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత, దానితో పాటు మూత్రంలో సోడియం, పొటాషియం చూడాలి. సెలైన్ ఎక్కిన తరువాత పంపిన మూత్రం కథను కొంత మార్చి చెబుతుంది. రోగికి ఫిట్స్ వస్తుంటే మాత్రం ఈ రిపోర్టుల కోసం ఆగకూడదు. మూత్రం డబ్బాలోకి రాకపోయినా సరే, 3 శాతం సెలైన్ 100 నుంచి 150 మిల్లీలీటర్లు పది ఇరవై నిమిషాల్లో వెంటనే ఇవ్వాలి.

కారణం

మన రోగికి కాళ్ల వాపు లేదు, నాలుక ఎండలేదు, బీపీ బాగానే ఉంది, మాత్రల్లో ‘హెచ్’ లేదు. రక్తపు ఆస్మొలాలిటీ 238 మాత్రమే, కాని మూత్రానిది 620. మూత్రంలో సోడియం 88, పొటాషియం 40. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసీలీటరుకు 2.6 మిల్లీగ్రాములు. థైరాయిడ్, ఉదయపు కార్టిసాల్, కిడ్నీ పరీక్షలు సరిగా ఉన్నాయి. రక్తం ఇంత పలచబడినప్పుడు కిడ్నీలు నీళ్లలాంటి మూత్రాన్ని, అంటే 100కు లోపు ఆస్మొలాలిటీ ఉన్నదాన్ని, బయటికి తోయాలి. అలా కాకుండా చిక్కటి మూత్రం వస్తున్నదంటే, నీటిని పట్టి ఉంచే ఏడీహెచ్ హార్మోను అవసరం లేకపోయినా పనిచేస్తున్నదన్నమాట.

సెలైన్ ఎందుకు ఎదురు తిరిగిందో ఇక్కడే తెలుస్తుంది. లీటరు నార్మల్ సెలైన్‌లో 154 సోడియం, 154 క్లోరైడ్, మొత్తం 308 కణపు లెక్క ఉంటుంది. మూత్రం 620 దగ్గర చిక్కబడి ఉన్నందున, ఈ ఉప్పంతటినీ కిడ్నీలు దాదాపు అర లీటరు మూత్రంలోనే పంపివేస్తాయి. మిగిలిన అర లీటరు ఉప్పులేని నీరుగా ఒంట్లో ఉండిపోతుంది. రెండు లీటర్లకు ఒక లీటరు నీరు నిలిచింది. 36 లీటర్ల శరీర ద్రవంలో అది కలిస్తే సోడియం మూడు నాలుగు తగ్గడం లెక్కకు సరిపోతుంది. ఉప్పు తగ్గింది కాబట్టి ఉప్పునీరు ఎక్కిద్దాం అన్న ఆలోచన ఇక్కడ బోల్తాపడుతుంది.

ఆ హార్మోను ఎక్కడినుంచి వస్తున్నది అన్నది అసలు ప్రశ్న. 1957లో ష్వార్ట్జ్, బార్టర్ బృందం ఈ స్థితిని మొదట వర్ణించినప్పుడు ఆ ఇద్దరు రోగులకూ ఊపిరితిత్తుల క్యాన్సరే ఉంది. స్మాల్ సెల్ రకం క్యాన్సర్ కణాలు ఏడీహెచ్‌ను స్వయంగా తయారుచేసుకుంటాయి. గడ్డ ఊపిరితిత్తిలో, లక్షణం మెదడులో. ఇలా క్యాన్సర్ దూరం నుంచి కలిగించే బాధలనే పారానియోప్లాస్టిక్ సిండ్రోమ్‌లు అంటారు.

నేను దెబ్బతిన్నది ఛాతీ ఎక్స్‌రే దగ్గర. ఈ క్యాన్సర్ సాధారణంగా ఊపిరితిత్తి మధ్యభాగంలో, పెద్ద శ్వాసనాళాల పక్కన పుడుతుంది. గుండె, రక్తనాళాల నీడల్లో అది కలిసిపోవడం వల్ల ఎక్స్‌రే రిపోర్టులో ‘నార్మల్’ అని రావచ్చు. ఒక రోగిని నేను ఆ ఒక్క మాట చూసి ఇంటికి పంపాను. నాలుగు నెలల తరువాత మెడ దగ్గర గడ్డలతో తిరిగి వచ్చాడు. నీడ కనిపించినా మరో ఉచ్చు ఉంది: మన ప్రాంతంలో అది క్షయ అనుకోవడం పరిపాటి, పైగా క్షయ కూడా సోడియాన్ని తగ్గించగలదు కాబట్టి రెండూ అతికినట్లు సరిపోతాయి. కళ్లెలో సీబీనాట్ వంటి పరీక్షతో రుజువు కాకుండా క్షయ మందులు మొదలుపెడితే ఆ నెలలన్నీ క్యాన్సర్‌కు దక్కుతాయి. కారణం తేలని ఈ స్థితిలో పొగతాగేవారికి ఎక్స్‌రే ఎలా ఉన్నా కాంట్రాస్ట్ సీటీ తీయించాలన్నది నా నియమం. ఈ రోగికి సీటీలో కుడి శ్వాసనాళం చుట్టూ గడ్డ, మధ్యలో లింఫు గ్రంథులు కనిపించాయి. బ్రాంకోస్కోపీ ద్వారా తీసిన ముక్క స్మాల్ సెల్ అని తేల్చింది.

పరిష్కారం

మొదట నీటిని తగ్గిస్తారు: కాఫీ, మజ్జిగ, పప్పుచారుతో కలిపి రోజుకు 800 నుంచి 1000 మిల్లీలీటర్లు. అయితే అది పనిచేస్తుందో లేదో ముందే లెక్క చూడవచ్చు. మూత్రపు సోడియం, పొటాషియం కలిపి రక్తపు సోడియంతో భాగించాలి. 128ని 114తో భాగిస్తే 1.1 దాటింది. ఒకటి దాటితే నీళ్లు తగ్గించడం ఒక్కటే చాలదు. అందుకే వార్డులోనే టోల్వాప్టాన్ 7.5 మిల్లీగ్రాములు ఇచ్చాం, ఆ రోజు నీటి కట్టడి ఎత్తివేశాం, ఆరు గంటలకోసారి సోడియం చూశాం. 24 గంటల్లో అది 114 నుంచి 121కి చేరింది. ఒక రోజులో ఎనిమిది దాటకుండా చూసుకోవాలి, ఎందుకంటే తొందరపడి పెంచితే మెదడు కాండంలో నరాల పొర దెబ్బతిని రోగి శాశ్వతంగా మంచం పట్టవచ్చు.

ఐదో రోజుకు సోడియం 130కి వచ్చింది, మాట తేటపడింది, కాని గొంతుక్కూర్చుంటే లేవలేకపోయాడు. అంతవరకూ దాన్ని సోడియం నీరసం ఖాతాలో వేశాం. నోరు ఎండిపోతోందని అన్నాడు. మోకాలి రిఫ్లెక్స్ లేదు. కాలును పది సెకన్లు గట్టిగా బిగించి పట్టుకున్నాక మళ్లీ కొడితే వచ్చింది. అది లాంబర్ట్-ఈటన్ సిండ్రోమ్ గుర్తు: క్యాన్సర్‌పై పుట్టిన యాంటీబాడీలు నరం చివర ఉన్న కాల్షియం ద్వారాలను దెబ్బతీస్తాయి. నరాల పరీక్షలో రుజువయ్యాక అమిఫాంప్రిడిన్ ఇచ్చాం. లాంబర్ట్-ఈటన్ రోగుల్లో దాదాపు సగం మందికి స్మాల్ సెల్ క్యాన్సర్ ఉంటుంది.

క్యాన్సర్ ఏసీటీహెచ్ అనే మరో హార్మోనును తయారుచేసి పొటాషియాన్ని పడగొట్టడం, చిన్నమెదడు దెబ్బతిని తూలిపోవడం వంటివీ ఉన్నాయి. అవి అరుదు, చూస్తే మరిచిపోలేరు కూడా.

అసలు వైద్యం కీమోథెరపీయే. ఇక్కడ మరో జాగ్రత్త అవసరం: సిస్‌ప్లాటిన్‌తో పాటు లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కించవలసి ఉంటుంది, దానితో మొదటి రాత్రి తప్పే మళ్లీ జరుగుతుంది. ఈ రోగికి కార్బోప్లాటిన్, ఎటోపోసైడ్ ఎంచుకున్నాం. రెండో విడత తరువాత టోల్వాప్టాన్ ఆపినా సోడియం 137 దగ్గర నిలిచింది. తొమ్మిది నెలలకు, ఒంట్లో ఏ బాధా లేకుండానే, అది 126కు దిగింది. మందుల స్ట్రిప్పులు మళ్లీ చూశాం, ఏవీ మారలేదు. ఆ వారమే తీసిన సీటీలో కాలేయంలో మచ్చలు కనిపించాయి.