విదేశీ బయ్యర్‌కి "కుదరదు" అని ఎలా చెప్పాలి?

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లేది ఆడవాళ్లే, అదీ ఇంటి పని చూసుకుంటూ. నాట్లు మొదలైతే చాలామంది పొలానికి వెళ్తారు, సరుకు ఆలస్యమవుతుంది. ఈ సంగతి మనకి తెలుసు. న్యూయార్క్‌లో కూర్చున్న బయ్యర్‌కి తెలియదు.

ఒకసారి 200 టేబుల్ మ్యాట్ల ఆర్డర్. "శుక్రవారానికి పంపేస్తారా?" అని ఆయన ఫోన్‌లో అడిగితే "యస్ సర్, యస్ సర్" అన్నాను. మీ మాట వింటున్నానండీ అనే అర్థంలో అన్నాను. ఆయన మాత్రం మాట ఇచ్చాననుకున్నారు. శుక్రవారానికి చేతికొచ్చినవి 160. సరుకు తగ్గినందుకు కాదు, ముందే చెప్పనందుకు ఆయనకు కోపం వచ్చింది.

అప్పటినుంచి లెక్క తేడా వస్తుందని తెలిసిన రోజే రాసేస్తున్నాను. మొదటి వాక్యంలోనే విషయం ఉండాలి: "శుక్రవారానికి 200 పంపలేం, 160 పంపగలం." కుశల ప్రశ్నలు, క్షమాపణలు ముందు పెడితే అసలు మాట అడుగున పడిపోతుంది. తర్వాత ఒక్క వాక్యంలో కారణం. ఆ తర్వాత ఆయన ఎంచుకోవడానికి రెండు దారులు: 160 ఇప్పుడే పంపి మిగిలిన 40 వచ్చే గురువారం పంపడమా, మొత్తం కలిపి గురువారమే పంపడమా? జవాబు ఎప్పటిలోగా కావాలో చివర్లో రాయాలి. "ప్రయత్నిస్తాం" అన్న మాట మాత్రం వద్దు. మనం మొహమాటానికి అంటాం, వాళ్లు సగం ఒప్పుకున్నట్టే తీసుకుంటారు.

గడువు రాసేటప్పుడు ఎవరి గడియారమో కూడా రాయండి. వేసవిలో న్యూయార్క్ శుక్రవారం సాయంత్రం 5 అంటే మనకి శనివారం తెల్లవారుజామున 2:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మన రాత్రి 7కి జరిగే కాల్, వాళ్ల టైమ్ మారకుండా ఉండాలంటే 8కి జరగాలి. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి. 05/06 అంటే మనకి జూన్ 5, అమెరికాలో మే 6.

ఫోన్‌లో యాస వల్ల ఎక్కువగా దెబ్బతినేది అంకెలే. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. అందుకే "వన్ ఫైవ్", "ఫైవ్ జీరో" అని విడదీసి చెప్పాలి. అర్థం కాకపోతే "మీరన్నది 50 పీసులే కదా?" అని తిరిగి అడగండి. కాల్ అవగానే అవే అంకెలు మెయిల్‌లో పెట్టండి.

జర్మన్ బయ్యర్ "ఈ అంచు బాగాలేదు" అని మొహం మీదే రాస్తే అది తిట్టు కాదు. ఏ అంచు, ఎన్ని పీసుల్లో అని అడిగి సరిచేయండి. ఇంగ్లండ్ నుంచి "వీలైతే అంచు ఇంకోసారి చూడగలరా" అని మెత్తగా వస్తే నాకు ఎక్కువ టెన్షన్. చాలాసార్లు అది మార్చమని చెప్పడమే. "ఇది మార్చాకే ప్యాక్ చేయాలా, ఇలాగే పంపొచ్చా?" అని అడిగి, జవాబు మెయిల్‌లో వచ్చాకే పెట్టెలు కట్టిస్తాను.